ఎర్రకణమే కొలబద్ద

వానాకాలం జ్వరాలప్పుడు పాఠకుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఇది: "ఉదయం ఒక ల్యాబ్‌లో ప్లేట్‌లెట్లు 42 వేలన్నారు, సాయంత్రం ఇంకోచోట లక్షన్నర దాటాయన్నారు. ఏది నిజం?" జవాబు చాలాసార్లు గాజు పలక మీదే ఉంటుంది. రక్తపు చుక్కను స్లైడు మీద పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూడటాన్ని ల్యాబుల్లో స్మియర్ చూడటం అంటారు. దాన్ని ఎలా చదువుతారో తెలియాలంటే, కణాలను లెక్కించే మెషీన్ ఇచ్చిన ఒక రిపోర్టును ముందు పెట్టుకుందాం.

జ్వరం ఐదో రోజు. తెల్లకణాలు 3,600. ఎర్రకణాలు 48 లక్షలు. ప్లేట్‌లెట్లు 42,000. తెల్లకణాల పంపకంలో లింఫోసైట్లు 38 శాతం, న్యూట్రోఫిల్స్ లాంటి రేణువులున్న గ్రాన్యులోసైట్లు 38 శాతం, ఇవి కాక `MID` అనే గడిలో 24 శాతం. చిన్న ల్యాబుల్లో ఈ `MID` అంకెను "మోనోసైట్లు" అని టైపు చేసి ఇచ్చేయడం మామూలే. అలా చేస్తే ఈ మనిషికి మోనోసైట్లు విపరీతంగా పెరిగినట్టు, ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయినట్టు కనిపిస్తుంది. స్లైడు చూస్తే రెండూ తారుమారవుతాయి.

మైక్రోస్కోపులో మామూలుగా స్కేలు ఉండదు. ఏది పెద్ద, ఏది చిన్న అని తేల్చే కొలబద్ద స్లైడు మీదే కావాలి. ఆ పని ఎర్రకణం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణం అడ్డకొలత దాదాపు 7 నుంచి 8 మైక్రాన్లు, అన్నీ ఇంచుమించు ఒకే సైజు, పైగా ఎటు చూసినా అవే. మిగతా కణాలన్నిటినీ దీనితోనే పోల్చాలి. అయితే కొలబద్ద వంకరగా ఉంటే కొలత తప్పుతుంది కాబట్టి, స్మియర్ ఎక్కడ చూడాలన్నదే మొదటి షరతు.

2, 3 మిల్లీమీటర్ల చుక్కను స్లైడు చివరి నుంచి సెంటీమీటరు లోపలికి పెట్టి, ఇంకో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి ఒకే ఊపున ముందుకు లాగుతారు. రక్తం చిక్కగా ఉంటే వాలు తగ్గించాలి, రక్తహీనత ఉంటే పెంచాలి. మొదట్లో మందంగా, చివర్లో నాలుకలా పల్చబడే ఆ పూతలో, ఎర్రకణాలు ఒకదాన్నొకటి అంటీఅంటనట్టు పరుచుకున్న చోటే పనికొస్తుంది. ఆయిల్ లెన్సు కింద ఒక్కో ఫీల్డులో సుమారు 200 ఎర్రకణాలు కనిపించే ప్రాంతం అది. మందమైన చోట తెల్లకణాలు పరుచుకోలేక ముడుచుకుపోతాయి, మోనోసైటు కూడా లింఫోసైటులా కనిపిస్తుంది. మరీ అంచుకి వెళితే ఎర్రకణాల నడుమ ఉండాల్సిన తెల్లటి మచ్చ మాయమై, లేని జబ్బు ఉన్నట్టు అనిపిస్తుంది.

రంగు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళతాను. మన దగ్గర ఎక్కువగా వాడేది లీష్మన్ రంగు. రెండు నిమిషాలు అలాగే ఉంచితే అందులోని మిథనాల్ కణాలను గాజుకు పట్టేస్తుంది. ఆ తర్వాత రెట్టింపు బఫర్ నీళ్లు కలిపి ఎనిమిది, పది నిమిషాలు ఉంచుతారు. బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. బఫర్ లేదని బోరు నీళ్లు పోస్తే, క్షారం ఎక్కువై స్లైడంతా నీలంగా మారుతుంది, ఎర్రకణాలు కూడా బూడిద రంగుకి తిరుగుతాయి. అలాంటి స్లైడు మీద నీలపు ఛాయలను బట్టి కణాలను పోల్చడం కుదరదు. ఎర్రకణం గులాబీ రంగులో లేకపోతే స్లైడు మళ్లీ వేయడమే దారి.

ఇప్పుడు కొలబద్ద పట్టుకుందాం. చిన్న లింఫోసైటుతో మొదలుపెట్టడం సులువు. దాని కేంద్రకం దాదాపు ఎర్రకణమంతే ఉంటుంది: గుండ్రంగా, ముదురు ఊదాగా, దున్నిన నల్లరేగడి పెళ్లల్లా లోపల గడ్డలు గడ్డలుగా. చుట్టూ నీలపు అంచు సన్నగా, ఒక పక్కకే కనిపిస్తుంది.

న్యూట్రోఫిల్ ఇంచుమించు రెండు ఎర్రకణాల వెడల్పు, 12 నుంచి 15 మైక్రాన్లు. కేంద్రకం రెండు నుంచి ఐదు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. తమ్మెల మధ్య దారమంత సన్నటి వంతెన ఉందా అన్నదే చూడాల్సింది. దారం లేకుండా వంగిన పట్టీలా ఉంటే అది ఇంకా లేతది, బ్యాండ్ అంటారు. తమ్మెలు లెక్కపెట్టడం వృథా శ్రమ కాదు. నూరు న్యూట్రోఫిల్స్‌లో ఐదు తమ్మెలున్నవి ఐదుకి మించినా, ఆరు తమ్మెలున్నది ఒక్కటి కనబడినా, బీ12 గానీ ఫోలేట్ గానీ తక్కువేమోనని అనుమానించాలి. కణద్రవ్యం లేత గులాబీ, అందులో ముగ్గుపిండి చల్లినంత సన్నటి రేణువులు. ఆ రేణువులు ముతకగా, నారింజ రంగులో కిక్కిరిసి ఉంటే అది న్యూట్రోఫిల్ కాదు, ఇయోసినోఫిల్.

మోనోసైటు రక్తంలో మామూలుగా తిరిగే కణాల్లో అన్నిటికన్నా పెద్దది, 15 నుంచి 20 మైక్రాన్లు, అంటే రెండు ఎర్రకణాలకు పైనే. "మూత్రపిండం ఆకారపు కేంద్రకం" అని పాఠాల్లో చెప్పించి బట్టీ పట్టిస్తారు. నిజానికి ఆకారమే అన్నిటికన్నా బలహీనమైన గుర్తు. మోనోసైటు కేంద్రకం గుండ్రంగా ఉండవచ్చు, మడతపడి ఉండవచ్చు, తమ్మెలుగా కూడా కనబడవచ్చు. నమ్మదగింది కేంద్రకం అల్లిక. లింఫోసైటులో పెళ్లలు ఉంటే, మోనోసైటులో వదులుగా నేసిన పాత బట్టలా దారాలు, మధ్యలో సందులు కనిపిస్తాయి. కణద్రవ్యం స్వచ్ఛమైన నీలం కాదు, నీలంలో బూడిద కలిపినట్టు మసకగా ఉంటుంది. లోపల చిన్న చిన్న ఖాళీ బుడగలుంటాయి. కానీ రక్తం, గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న గొట్టంలో గంటల తరబడి ఉండిపోతే ఆ బుడగలు వాటంతటవే పెరుగుతాయి, న్యూట్రోఫిల్ తమ్మెలు కూడా ముద్దకట్టి విడిపోతాయి. అందుకే తీసిన రెండు, మూడు గంటల్లోపే స్మియర్ వేయాలి.

అసలు తికమక ఇక్కడ మొదలవుతుంది. వైరస్ జ్వరాల్లో లింఫోసైట్లు ప్రేరేపితమై పెద్దవవుతాయి, మోనోసైటు సైజుకి వచ్చేస్తాయి. వీటిని రియాక్టివ్ లింఫోసైట్లు అంటారు. కేంద్రకం పెద్దదై, వంకర తిరిగి, కణద్రవ్యం విస్తారంగా పరుచుకుంటుంది. సైజు చూసినా ఆకారం చూసినా మోనోసైటే అనిపిస్తుంది. ఇక్కడ కూడా ఎర్రకణమే సాక్ష్యం చెబుతుంది, ఈసారి సైజుతో కాకుండా పొరుగు సంబంధంతో. రియాక్టివ్ లింఫోసైటు మెత్తగా ఎర్రకణాల మధ్యకు పాకి వాటిని ఒరుసుకుంటుంది. ఎర్రకణం ఆనిన చోట దాని అంచు లోపలికి నొక్కుకుపోయి, ఆ నొక్కు వెంబడి నీలం ముదురుతుంది. మోనోసైటు సాధారణంగా అలా ఒదగదు, తన అంచులను వేళ్లలా ముందుకు చాపుతుంది. అంచు దగ్గర ముదురు నీలం, లోపలికి వచ్చేకొద్దీ లేత నీలం ఉంటే లింఫోసైటు. ఎటు చూసినా ఒకే మసక బూడిద ఉంటే మోనోసైటు.

మన రిపోర్టులో `MID` 24 ఎలా వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. ఈ రకం మెషీన్ ఎర్రకణాలను కరిగించేసి, మిగిలిన తెల్లకణాలను సైజు ప్రకారం మూడు కుప్పలు పోస్తుంది: చిన్నవి లింఫోసైట్లు, పెద్దవి గ్రాన్యులోసైట్లు, మధ్యలోవి `MID`. ఉబ్బిన లింఫోసైటు మధ్య కుప్పలో పడుతుంది. అది రంగు చూడదు, అల్లిక చూడదు. స్లైడు మీద నూరు కణాలు లెక్కపెడితే న్యూట్రోఫిల్స్ 36, లింఫోసైట్లు 57, వాటిలో 19 రియాక్టివ్, మోనోసైట్లు 6, ఇయోసినోఫిల్ 1 వచ్చాయనుకుందాం. అప్పుడు మోనోసైట్లు పెరగలేదు, వైరస్‌కు లింఫోసైట్లు స్పందిస్తున్నాయి. డెంగీలో ఇలా కనబడటం మామూలే. అయితే ఇతర వైరస్ జ్వరాల్లోనూ ఇవే కనబడతాయి కనుక, వీటిని బట్టి డెంగీ అని రాయకూడదు.

కొలబద్దకే తేడా వస్తే? ఇనుము లోపించిన మనిషి ఎర్రకణాలు చిన్నబడతాయి. అప్పుడు కొలత తిరగేయాలి: చిన్న లింఫోసైటు కేంద్రకాన్ని కొలబద్దగా పెట్టి ఎర్రకణాన్ని కొలవాలి. ఎర్రకణం దానికన్నా స్పష్టంగా చిన్నగా ఉంటే మైక్రోసైట్, పెద్దగా ఉంటే మాక్రోసైట్. నడుమ తెల్లటి మచ్చ కణం అడ్డకొలతలో మూడో వంతు దాటితే హిమోగ్లోబిన్ తక్కువని అర్థం. మన రిపోర్టులో ఎర్రకణాలు మామూలుగానే ఉన్నాయి.

ఇక ప్లేట్‌లెట్లు. ఇవి రెండు, మూడు మైక్రాన్లవి, కేంద్రకం లేని ఊదా రేణువుల తునకలు. ఒక్కోసారి ప్లేట్‌లెట్ సరిగ్గా ఎర్రకణం మీద కూర్చుని మలేరియా పరాన్నజీవిలా కనబడుతుంది. చుట్టూ తెల్లటి వలయం ఉండి, ఫోకస్ కాస్త కదిపితే ఎర్రకణంతో పాటు కాకుండా విడిగా తేలితే అది ప్లేట్‌లెట్టే.

వీటిని లెక్కించడానికీ ఎర్రకణమే దిక్కు. 48 లక్షల ఎర్రకణాలకు 42 వేల ప్లేట్‌లెట్లంటే, దాదాపు 114 ఎర్రకణాలకు ఒకటి. 200 ఎర్రకణాల ఫీల్డులో సగటున రెండు కూడా ఉండకూడదు. స్లైడులో ఫీల్డుకి ఐదారు విడివిడిగా కనిపిస్తే మెషీన్ అంకె తప్పని అర్థం. మిగతావి ఎక్కడున్నాయో తెలియాలంటే పది రెట్ల లెన్సు పెట్టి స్మియర్ చివరి అంచు చూడాలి. పదులకొద్దీ ప్లేట్‌లెట్లు అతుక్కుని ముద్దలుగా అక్కడికి నెట్టుకొచ్చి ఉంటాయి. మెషీన్ చిన్న రేణువునే ప్లేట్‌లెట్‌గా గుర్తిస్తుంది. నలభై కలిసి ముద్దయితే దాని లెక్కలో సున్నా, ఒక్కోసారి ఆ ముద్ద తెల్లకణాల లెక్కలో కూడా చేరుతుంది.

ముద్ద కట్టడానికి రెండు కారణాలున్నాయి. సూది సరిగ్గా దొరకక రక్తం నెమ్మదిగా వచ్చినా, గొట్టాన్ని వెంటనే తిరగేసి కలపకపోయినా, గడ్డకట్టడం మొదలవుతుంది. అప్పుడు ముద్దల మధ్య ఫైబ్రిన్ పోగులు కనిపిస్తాయి. రెండోది, కొందరి రక్తంలో ఉండే యాంటీబాడీ. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేయగానే ప్లేట్‌లెట్ పైపొరలో ఒక ప్రోటీన్ రూపం మారుతుంది, ఈ యాంటీబాడీ దానికి అతుక్కుంటుంది. ఇది గొట్టంలో మాత్రమే జరుగుతుంది, ఒంట్లో కాదు. గొట్టం ఆలస్యమైన కొద్దీ అంకె ఇంకా పడిపోతుంది.

పరిష్కారం సోడియం సిట్రేట్ ఉన్న నీలం మూత గొట్టంలో మళ్లీ రక్తం తీయడం. అందులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం ఉంటుంది కాబట్టి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. మెషీన్ 1,52,000 చూపితే అసలు అంకె 1,67,200. ఈ గుణకారం మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. కొద్దిమందికి సిట్రేట్‌లోనూ ముద్దలు కడతాయి కనుక ఆ గొట్టం నుంచీ స్మియర్ వేసి చూడాలి.

మధ్యలో ఇంట్లోవాళ్లు బొప్పాయి ఆకు రసం తాగించి ఉంటారు. ఉదయం 42 వేలు, సాయంత్రం లక్షన్నర దాటితే ఘనత ఆ రసానికి పోతుంది. ఇక్కడ మారింది గొట్టం మాత్రమే. దీనికి వ్యతిరేకమైన తప్పూ చేయకూడదు: డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి, ముద్దలు లేని స్లైడులో ఫీల్డుకి ఒకటి, రెండే కనిపిస్తే ఆ 42 వేలు నిజమే, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మన రిపోర్టు కింద రాయాల్సిన మాట ఇలా ఉంటుంది: "ఈడీటీఏలో ప్లేట్‌లెట్ ముద్దలు కనబడ్డాయి. సిట్రేట్‌లో సరిచేసిన లెక్క 1,67,200. రియాక్టివ్ లింఫోసైట్లు 19 శాతం. మోనోసైట్లు 6 శాతం. ఇకపై ఈ రోగికి ప్లేట్‌లెట్ల కోసం సిట్రేట్ గొట్టం వాడాలి." ఆఖరి వాక్యం రోగి దగ్గరున్న కాగితం మీద కూడా ఉండాలి, ఎందుకంటే వచ్చే ఏడాది జ్వరమొస్తే అతను వెళ్లేది వేరే ల్యాబ్‌కి కావచ్చు.