ఫ్రిజ్ ప్యానెల్ మీద కోడ్ వస్తే సెన్సర్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సర్ మార్చాల్సిందే.

వాస్తవం: కోడ్ చెప్పేది ఏ లైన్‌లో తేడా ఉందో మాత్రమే. ఫ్రిజ్‌లో ఉండే సెన్సర్ చిన్న థర్మిస్టర్. చల్లబడే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఫ్రిజ్‌ని నడిపే కంట్రోల్ బోర్డు ఆ లైన్‌లో వోల్టేజ్ చూసి టెంపరేచర్ లెక్కగడుతుంది. ఆ వోల్టేజ్ మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో ఉంటే కోడ్ చూపిస్తుంది. తెగింది సెన్సరా, వైరా, కనెక్టర్ పిన్నా అన్నది బోర్డుకు తెలియదు.

ఒక ఫ్రిజ్‌కి కూలింగ్ కాయిల్ దగ్గరుండే డీఫ్రాస్ట్ సెన్సర్ రెండుసార్లు మార్చారు. ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే నడిచి, మళ్లీ అదే కోడ్. నేను ప్లగ్ తీసి, సెన్సర్ విప్పి, ఐస్ నీళ్లలో పెట్టి మీటర్‌తో చూశాను. గది వేడిలో, అంటే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపించే రకం అది. సున్నా డిగ్రీల్లో 27 నుంచి 33 కిలో ఓమ్‌ల మధ్య రావాలి, వచ్చింది. అంటే సెన్సర్ బాగుంది. అదే కొలత బోర్డు దగ్గరి కనెక్టర్ నుంచి తీసుకుంటే, వైరు కదిపినప్పుడల్లా అంకె ఎగిరిపోతోంది. కూలింగ్ కాయిల్ పక్కనున్న జాయింట్‌లోకి తేమ దిగి పిన్నుకు పచ్చటి తుప్పు పట్టింది. సెన్సర్ మార్చినప్పుడు జాయింట్ కదిలి కొన్నాళ్లు సరిగ్గా తగిలేది, అంతే. పిన్ను మార్చి సీల్ చేశాక కోడ్ రాలేదు.

అన్ని సెన్సర్లకూ ఇవే విలువలు ఉండవు. మోడల్ సర్వీస్ షీట్‌లోని పట్టికే ప్రమాణం. కోడ్‌లూ అంతే. ఒక కంపెనీ E1 ఇంకో కంపెనీలో వేరే అర్థం ఇస్తుంది.

అపోహ: ప్యానెల్ మీద 3 అని ఉంది కాబట్టి లోపల 3 డిగ్రీలే.

వాస్తవం: చాలా మోడళ్లలో కనిపించేది మీరు పెట్టిన అంకె. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది.

అపోహ: ప్లగ్ తీసి పెడితే కోడ్ పోయింది, రిపేర్ అయిపోయింది.

వాస్తవం: రీసెట్ చేస్తే బోర్డు మొదటి నుంచి చెక్ చేస్తుంది, అంతే. కరెంట్ పోయి వచ్చాక తలెత్తిన కోడ్ అలా తొలగిపోవచ్చు. అదే కోడ్ మళ్లీ వస్తే రీసెట్‌లు ఆపి, కోడ్, మోడల్ నంబర్ రాసుకుని టెక్నీషియన్‌ని పిలవండి.

రీసెట్ చేసేటప్పుడు కనీసం 5 నిమిషాలు ఆగండి. కంప్రెసర్ రెండు వైపులా గ్యాస్ ప్రెషర్ సమం కావడానికి ఆ టైమ్ కావాలి. వెంటనే ఆన్ చేస్తే స్టార్ట్ కాలేక మొరాయిస్తుంది. ప్లగ్ తడిగా ఉన్నా, కాలిన వాసన వస్తున్నా, బ్రేకర్ పడిపోతున్నా రీసెట్ ప్రయత్నమే వద్దు. అప్పుడు ప్లగ్ ముట్టుకోకుండా మెయిన్ దగ్గర ఆపేసి, మళ్లీ ఆన్ చేయకండి. ఆపి ఉన్నంతసేపు తలుపు తీయకండి. 4 గంటల లోపు అయితే లోపలివి సాధారణంగా చల్లగానే ఉంటాయి.