ఇంటి దగ్గర బలవంతపు సూది: బ్రిటన్ ఆర్డరు వెనక కథ

"మా అబ్బాయి మూడు నెలలుగా మందు వేసుకోవడం లేదు సార్. ఏదో ఒక ఆర్డరు తెచ్చి ఇంటి దగ్గరే సూది వేయించండి" అని గత వారం కావలి నుంచి మా మానసిక వైద్య విభాగానికి వచ్చిన తల్లి అడిగింది. ఇంగ్లండులో అలాంటిది ఉందిగా అని ట్రైనీలు అప్పటి నుంచి వాదించుకుంటున్నారు.

ఆస్పత్రి నుంచి పంపిన రోగికి షరతులతో బయట వైద్యం సాగించే కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ ఆర్డర్ అక్కడ ఉన్నమాట నిజమే. కానీ ఆ తల్లి అడిగింది అది కాదు. ఆ తేడా 1986లో మొదలైంది. అప్పటిదాకా కొందరు డాక్టర్లు రోగిని సెలవు మీద ఇంటికి పంపి, కాగితాల మీద మాత్రం నిర్బంధాన్ని పొడిగిస్తూ ఇంటి దగ్గరే మందు వేయించేవారు. ఆస్పత్రిలో ఉండాల్సిన అవసరమే లేనివాణ్ణి ఇలా పట్టి ఉంచడం చెల్లదని హాల్‌స్ట్రమ్ కేసులో కోర్టు తేల్చింది. ఆ ఖాళీని పూరించడానికే చివరికి 2008 నవంబరులో ఈ ఆర్డరు వచ్చింది.

ముందు ఆస్పత్రిలో నిర్బంధంలో ఉన్నవాళ్ళకే ఇది వర్తిస్తుంది. జబ్బుకు వైద్యం అవసరం కావాలి, అది బయట ఉండగా అందాలి. అన్నిటికన్నా ముఖ్యం, అవసరమైతే ఆస్పత్రికి వెనక్కి పిలిచే అధికారం ఉండి తీరాలని డాక్టరు చూపించాలి. దానికి గుర్తింపు పొందిన మెంటల్ హెల్త్ ఉద్యోగి కూడా ఒప్పుకోవాలి.

నెలకోసారి సూది తీసుకునే యువకుడు ఈసారి రాలేదనుకుందాం. అతనికి నిర్ణయించుకునే సామర్థ్యం ఉండి వద్దంటే ఇంట్లో పట్టుకుని వేయకూడదు. సూదికి రాకపోవడం ఒక్కటే వెనక్కి పిలవడానికి చాలదు. ఆస్పత్రి వైద్యం అవసరమనీ, పిలవకపోతే హాని ఉందనీ తేలాలి. అప్పుడు రాతపూర్వక నోటీసు ఇస్తారు. వచ్చాక 72 గంటల్లో ఇంటికి పంపాలి, లేదా ఆర్డరు రద్దు చేసి మళ్ళీ నిర్బంధంలోకి తీసుకోవాలి. ఈ ఆర్డరు తెచ్చిన చట్టం ప్రకారం, రద్దు చేస్తే కేసును నిర్బంధాన్ని సమీక్షించే ట్రిబ్యునల్‌కు పంపడం తప్పనిసరి. ఆర్డరు మొదట ఆరు నెలలు, తర్వాత ఇంకో ఆరు నెలలు, ఆపైన ఏడాది చొప్పున సాగుతుంది. ప్రతి గడువులో రోగి ఒకసారి ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. రోగి పక్షాన మాట్లాడే మనిషి సాయం కూడా ఉచితంగా ఉంటుంది.

ఇంత చేసినా ఫలితం? 2013లో వచ్చిన ఆక్టెట్ అధ్యయనంలో 333 మంది సైకోసిస్ రోగులను రెండు గుంపులు చేశారు. ఏడాదిలో తిరిగి ఆస్పత్రిలో చేరినవాళ్ళు ఆర్డరు ఉన్న గుంపులో 36 శాతం, మామూలు సెలవు మీద వెళ్ళిన గుంపులోనూ 36 శాతమే.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఇలాంటి ఆర్డరే లేదు. సెక్షన్ 89 కింద 30 రోజుల దాకా అడ్మిషన్, సెక్షన్ 91 కింద షరతులతో సెలవు ఉన్నాయి. అడ్మిషన్ ముగిస్తే సెలవూ ముగిసినట్టే. కావలి తల్లికి నేను చెప్పింది సెక్షన్ 5 గురించి: కుర్రాడు బాగున్న రోజున కూర్చోబెట్టి, మళ్ళీ జబ్బు ముదిరితే ఏ మందు కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో అతని చేతే రాయించుకోమని. "రాస్తాడంటారా?" అంది. మందు మీద అతనికి ఉన్న కంప్లైంట్ ఏమిటని అడిగితే, సూది వేశాక రెండు రోజుల పాటు చేతులు వణుకుతాయని చెప్పింది. ఆ సంగతి మా కేసు షీటులో ఎక్కడా లేదు.