కలంకారీ బట్టను తిరగేసి చూస్తే

పాత కలంకారీ అమ్మే చోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "తడిపితే రంగు దిగుతోంది చూడండి, అసలైన సహజరంగు, వందేళ్ల నాటిది." ఇందులో సగం తప్పు, మిగతా సగానికి ఆధారం లేదు. చిరివేరు అనే మొక్క వేరుతో పద్ధతి ప్రకారం వేసిన ఎరుపు నీళ్లలో దిగదు. ఏ రంగు దిగుతోంది, ఎటు పాకింది, బట్ట వెనక్కి ఎంతవరకు వచ్చింది అనే మూడు విషయాలు విడివిడిగా చూస్తేనే వయసు గురించి ఏదైనా చెప్పగలం. వీటిలో ఎక్కువ సమాచారం ఇచ్చేది వెనక వైపే. ముందు వైపును అందంగా కనిపించేలా తయారుచేస్తారు. వెనక వైపు ఎలా ఉండాలని ఎవరూ ప్రయత్నించరు కనుక, పని జరిగిన తీరంతా అక్కడ అలాగే మిగిలిపోతుంది.

ఎరుపుతో మొదలుపెడదాం. కలంకారీలో ఎర్రరంగును కలంతో పూయరు, అచ్చుతోనూ అద్దరు. బట్టను ముందుగా కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల తరువాత గీసే గీత దారాల వెంట పాకకుండా ఆగుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు మాత్రమే రాస్తారు. కనీసం ఒక రోజు ఆగి, పారే నీళ్లలో ఉతికి, చిరివేరు లేదా మంజిష్ఠ వేసి మరిగించిన కాగులో బట్టంతా ముంచుతారు. పటికలోని అల్యూమినియం, కరక్కాయలోని టానిన్ పట్టుకున్న చోట వేరులోని అలిజరిన్ లాంటి ఎర్ర రంగు పదార్థాలు కలిసి నీటిలో కరగకుండా నిలుస్తాయి. పటిక లేని చోట పట్టేది పలచని మరక, అది పేడనీళ్లకీ ఎండకీ పోతుంది.

అంటే ఎరుపు ఎంత లోతుకు వెళ్లాలో తేల్చేది రంగు కాదు, పటిక నీళ్లు. అవి దారం మధ్యదాకా ఇంకితే కాగులో ఎరుపు కూడా అక్కడిదాకా వెళుతుంది, ఎందుకంటే కాగులో రంగు బట్టకు రెండు వైపుల నుంచీ అందుతుంది. అందుకే సన్నని బట్ట మీద పటిక ఎరుపు వెనక వైపు ముందు వైపుతో దాదాపు సమానంగా ఉంటుంది. గాడా లాంటి మందపాటి బట్ట మీద కొంచెం తగ్గుతుంది గాని మాయమవదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో జిగురుతో అద్దిన పిగ్మెంట్ ఎరుపు ఇలా ఉండదు. అది పైపొర మీదే కూర్చుంటుంది, వెనక తెల్లగానో చుక్కలు చుక్కలుగానో కనిపిస్తుంది, వేలితో తడిమితే బిరుసుగా తగులుతుంది. ఒక దారం లాగి భూతద్దం కింద విప్పితే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పటిక ఎరుపులో దారం పురి విప్పినా లోపలి పోగులు ఎర్రగానే ఉంటాయి. పిగ్మెంట్ అయితే పైపోగులే ఎరుపు, లోపల తెలుపు.

శ్రీకాళహస్తి కలం పనినీ బందరు, పెడన అచ్చుపనినీ వెనక నుంచే వేరు చేయవచ్చు. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల, దాని నడుముకు ఉన్ని చుట్టి దారంతో కట్టి ఉంటుంది. ఆ ఉన్ని నల్లగీతకు వాడే ద్రవాన్ని పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. గీత మొదలయ్యే చోట, మలుపు దగ్గర చెయ్యి ఆగినచోట, ద్రవం కాస్త ఎక్కువ దిగుతుంది. ముందు వైపు ఆ తేడా గీతలో కలిసిపోతుంది. వెనక చూస్తే గీత మధ్యమధ్య సన్నబడి, ఆ ఆగిన చోట్ల మాత్రం నల్లని చుక్కలు కనబడతాయి. ఏ రెండు పువ్వుల వెనకా ఆ చుక్కలు ఒకే చోట ఉండవు. అచ్చుకు వాడే ద్రవం పలచగా ఉంటే అచ్చు నుంచి జారిపోతుంది కనుక జిగురు కలిపి చిక్కబరుస్తారు. చిక్కని ద్రవం తక్కువ ఇంకుతుంది. అందువల్ల అచ్చు నలుపు వెనక వైపు సన్నగా, తెగితెగి కనిపిస్తుంది. అచ్చు అంచు పగిలి ఉంటే ఆ లోపం ప్రతి అద్దకంలోనూ ఒకే చోట వస్తుంది. చేతిదెబ్బ బలంగా పడినచోట నలుపు వెనక్కి బాగా దిగి, తేలికగా పడినచోట దిగకుండా ఉండడం చేతి అచ్చుకు మంచి గుర్తు. స్క్రీన్‌లో ఈ హెచ్చుతగ్గులు రావు.

నీలం సంగతి వేరు. పాత పద్ధతిలో నీలం అక్కరలేని భాగాలన్నిటికీ మైనం పూసి, బట్టను నీలి తొట్టిలో ముంచేవారు. అలా చేసిన బట్టలో నీలం రెండు వైపులా ఒకేలా ఉంటుంది, మైనం పగిలిన చోట సన్నని నీలి గీతలు తెల్లభాగంలోకి చొరబడి ఉంటాయి. నీలాన్ని కలంతో పైన పూస్తే వెనక పలచగా వస్తుంది. పసుపుపచ్చ అన్నిటికన్నా బలహీనం. కరక్కాయ పువ్వు, దానిమ్మ బెరడు లాంటివాటి కషాయాన్ని చివర్లో పైన పూస్తారు, అది వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. నీలం మీద పసుపు పూసి తెచ్చిన ఆకుపచ్చలో పసుపు పోగానే ఆకులు నీలంగా మిగులుతాయి. పాత బందరు బట్టల మీద నీలి ఆకులకు సాధారణంగా కారణం ఇదే.

ఇక రంగు పాకడం. ఇందులో పని జరిగేటప్పుడు వచ్చినది, తరువాత వచ్చినది అని రెండు రకాలు. పటిక రాసిన బట్టను నిలవ నీటిలో ఉతికితే, వదులైన పటిక తెల్లభాగాల మీదికి చేరుతుంది. కాగులో మరిగాక అక్కడంతా లేత గులాబీ పొగలా పరుచుకుంటుంది. శ్రీకాళహస్తివారు స్వర్ణముఖి పారే నీటి కోసం, పెడనవారు కాలువ కోసం ఎదురుచూసేది ఈ తప్పు రాకూడదనే. ఈ గులాబీ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఎంత ఉతికినా కదలదు, అంచున ముదురు గీత ఉండదు. పాలు పలచబడినా, బట్ట సరిగా ఆరకపోయినా నల్లగీత నుంచి సన్నని పీచులు నిలువు, అడ్డ దారాల వెంటే బయటికి వస్తాయి. ఇవన్నీ చేసిన రోజునే పడ్డ గుర్తులు, వయసు గురించి ఏమీ చెప్పవు.

తరువాత వచ్చినది ఇలా ఉండదు. నీళ్లు పడి ఎండిన చోట మరక దారాల దిక్కుతో పని లేకుండా గుండ్రంగా పాకుతుంది, దాని చుట్టూ గోధుమరంగు గట్టు ఏర్పడుతుంది. మడతపెట్టి ఉన్నప్పుడు తడిస్తే ఎదుటి మడత మీద అద్దంలో బొమ్మలా అచ్చుపడుతుంది. అలా ఎదుటి మడతకు అంటినది ఎరుపు గనక అయితే అది పటిక ఎరుపు కాదని అనుమానించాలి. సులువుగా దిగే కృత్రిమ రంగు కావచ్చు, లేదా మిగులు రంగు సరిగా కడగని కొత్త పని కావచ్చు. పరీక్ష చేయాలంటే మూలన కనబడని చోట, ఒక్కొక్క రంగు మీద విడిగా, శుభ్రమైన నీటితో తడిపి పిండిన తెల్ల దూదిని నిమిషం సేపు అదిమి చూడండి, రుద్దకండి. రుద్దితే నీలిమందు పొడిగానే దూదికి అంటుకుంటుంది, దాన్ని రంగు దిగడమని పొరపడతాం. సబ్బు, నిమ్మరసం, అమ్మోనియా పాత బట్ట మీద వాడకూడదు. ఆమ్లం నలుపును తినేస్తుంది, క్షారం ఎరుపును ఊదా వైపు తిప్పుతుంది.

వయసుకు కాస్త దగ్గరగా తీసుకెళ్లేది ముందువెనకల పోలిక. వెలుతురు పడి వెలిసిన బట్టలో ముందు వైపు ఎక్కువ వెలుస్తుంది, వెనక వైపు తాజాగా ఉంటుంది. కుట్టు మడత లోపల ఇంకా తాజాగా ఉంటుంది. పాతదనం కోసం బ్లీచింగ్ నీళ్లలో ముంచిన బట్ట రెండు వైపులా, మడత లోపలా ఒకే మోతాదులో వెలుస్తుంది. పైగా ఆ నీళ్లు నీలాన్ని, పసుపును ముందుగా తినేస్తాయి, నల్లగీతను తుప్పురంగుకు తెస్తాయి. తేయాకు నీళ్లలో ముంచి తెచ్చిన మట్టిరంగు కూడా కుట్టు లోపల అంతే ముదురుగా ఉండి పట్టుబడుతుంది. అయినా వెలవడం చెప్పేది బట్ట మీద పడ్డ వెలుతురు మొత్తాన్నే, ఏళ్లను కాదు. కిటికీకి వేలాడదీసిన పదేళ్ల బట్ట, పెట్టెలో ఉన్న వందేళ్ల బట్టకన్నా ఎక్కువ వెలిసి ఉండవచ్చు.

నలుపు మరో ఆధారం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిం, కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. అందులోని ఇనుము ఆ తరువాత కూడా పని చేస్తూనే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, తేమతో కలిసి నూలును నెమ్మదిగా పెళుసుబారుస్తుంది. దశాబ్దాలు గడిచాక నల్లగీత గీత ఆకారంలోనే చిరిగి రాలుతుంది, పక్కనున్న ఎరుపు మాత్రం గట్టిగా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పువ్వు అంచు వెంట సన్నని కాంతి గీత కనబడుతుంది. కత్తిరించి, కాల్చి చేసిన చిరుగులు గీతను ఇంత కచ్చితంగా అనుసరించలేవు. కాకపోతే ఇనుము ఎక్కువైన కసిం బట్టను తొందరగానే తినేస్తుంది కాబట్టి ఇది కూడా ఏళ్ల లెక్క ఇవ్వదు.

ఒక బట్టను పూర్తిగా పరిశీలిద్దాం. "వందేళ్ల బందరు అద్దకం" అని చెప్పిన దుప్పటి అనుకోండి. ఎర్ర పువ్వులు, నీలి ఆకులు, నల్ల అంచులు. వెనక వైపు ఎరుపు ముప్పాతిక వంతు ముదురుగా, అంచులు మెత్తగా ఉన్నాయి. నలుపు తెగితెగి వచ్చింది. ప్రతి పువ్వులోనూ మూడో రేక దగ్గర ఒకే విరుపు ఉంది. అంటే అచ్చుపని, పటిక మీద మరిగించిన ఎరుపు. ఆకులు ముందు నీలం, వెనక ఆకుపచ్చ ఛాయ, కుట్టు విప్పి చూస్తే లోపల మంచి ఆకుపచ్చ. అంటే పసుపు వెలుతురుకే పోయింది, బ్లీచింగ్ నీళ్లకు కాదు. దూదికి ఎరుపు అంటలేదు, కుట్టు లోపలి ఆకు దగ్గర లేత పసుపు అంటింది. రెండు మూడు చోట్ల నల్లగీత చిరిగింది. ఇంతవరకు అన్నీ నిజాయతీగా పాతబడిన బట్ట గుర్తులే. వందేళ్లు అనడానికి మాత్రం ఇవి చాలవు.

ఎందుకంటే ఎరుపు వేరుదా, కృత్రిమ అలిజరిన్‌దా అన్నది కంటికి తెలియదు. 1869 నుంచి ఫ్యాక్టరీలో తయారైన అలిజరిన్ కూడా పటిక మీదే పడుతుంది, వెనక్కి అంతే లోతుగా వెళుతుంది, అంతే గట్టిగా నిలుస్తుంది. బందరు అద్దకంలో అది బాగా స్థిరపడింది. నీలం విషయంలోనూ అంతే, 1897లో మార్కెట్‌కు వచ్చిన కృత్రిమ నీలిమందు కంటికి ఆకు నీలిలాగే ఉంటుంది. లాబొరేటరీలో కొన్ని మిల్లీమీటర్ల దారంలోని రంగులను విడదీసి చూస్తే, అలిజరిన్ ఒక్కటే ఉందా, వేరులో ఉండే తోటి పదార్థాలు కూడా ఉన్నాయా తెలుస్తుంది. వేరు అని తేలినా అది పాతదనానికి రుజువు కాదు, చిరివేరు, మంజిష్ఠ ఇప్పటికీ వాడేవారున్నారు. ఫ్యాక్టరీ అలిజరిన్ అని తేలితే మాత్రం 1869కి ముందుది కాదని గట్టిగా చెప్పవచ్చు.

పత్తి పండిన కాలాన్ని అంచనా వేసే కార్బన్ పరీక్ష ఈజిప్టులోని ఫుస్తాత్‌లో దొరికిన గుజరాత్ అచ్చు బట్టలకు బాగా పనికొచ్చింది, అవి మధ్యయుగాలవి. బందరు బట్టలు ఎక్కువగా పడే 1650–1950 మధ్య కాలంలో మాత్రం ఆ పరీక్ష ఒకే నమూనాకు దూరదూరంగా ఉన్న తేదీలు ఇస్తుంది. 1950ల మధ్య నుంచి అణుపరీక్షల వల్ల గాలిలో రేడియోధార్మిక కార్బన్ పెరిగింది కనుక, తరువాత పండిన పత్తిని అది సులువుగా పట్టేస్తుంది. అంటే ఆ దుప్పటి 1955కి ముందుదా, తరువాతదా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, 1880దా, 1930దా అన్నదానికి దొరకదు.

రంగులన్నిటికన్నా గట్టి తేదీ కొన్ని బట్టల వెనకే సిరాతో ఉంటుంది. యూరప్ కంపెనీలు తాము కొన్న బట్టల వెనక ముద్ర వేసేవి. డచ్చి కంపెనీ 1602లో పుట్టి 1799 చివర మూతపడింది కాబట్టి, ఆ ముద్ర నిజమైనదైతే బట్ట ఆ రెండువందల ఏళ్లలోనిదే. ముద్ర సిరా దారాల్లోకి ఇంకి, దాని మీద వచ్చిన మరకలు, చిరుగులు ముద్రను దాటి సాగి ఉండాలి. మరక మీద శుభ్రంగా కూర్చున్న ముద్ర, మరక తరువాత వేసినది.