స్వాప్‌తో డాలర్లు తెచ్చుకోవడం గురించి అపోహలు - వాస్తవాలు

బ్యాంకు ట్రెజరీలో పని చేసేవాళ్లని మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్లు ఎక్కువగా అడిగేది ఎఫ్ఎక్స్ స్వాప్ గురించే, కానీ దాని మీద ఉన్నన్ని తప్పు అభిప్రాయాలు ఇంకే ప్రోడక్ట్ మీదా లేవు. స్వాప్‌లు చాలా రకాలున్నాయి. ఇక్కడ నేను చెప్పేది మాత్రం రోజూ వాడే సింపుల్ రకం గురించే, అంటే ఈరోజు స్పాట్‌లో డాలర్లు కొని, అదే డీల్‌లో అవే డాలర్లని కొన్ని నెలల తర్వాతి తేదీకి ఫార్వర్డ్‌లో తిరిగి అమ్మేయడం. డీలర్లు దీన్ని బై-సెల్ అంటారు.

ఒక కేసు పెట్టుకుని మాట్లాడుకుందాం, రేట్లు లెక్క కోసం నేను వేసుకున్నవి. భీమవరం వైపు రొయ్యలు ఎగుమతి చేసే పార్టీ ఒకటి మన బ్యాంకులో డాలర్లలో ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతికి ముందు ఇచ్చే లోన్, అడిగింది, కోటి డాలర్లు, 91 రోజులకి. బ్యాంకు దగ్గర రూపాయలు బోలెడు ఉన్నాయి, డాలర్లు లేవు. స్పాట్ 85.00, మూడు నెలల ప్రీమియం, అంటే ఫార్వర్డ్ రేటు స్పాట్ కంటే ఎంత ఎక్కువో ఆ తేడా, 50 పైసలు. డీలర్ బై-సెల్ కొట్టాడు. ఇవాళ్టి డీల్‌కి రెండు పనిదినాల తర్వాత 85 కోట్ల రూపాయలు వెళ్తాయి, కోటి డాలర్లు విదేశీ బ్యాంకులో మనకున్న నోస్ట్రో ఖాతాలోకి వస్తాయి. అక్కడి నుంచి 91 రోజులకి కోటి డాలర్లు వెనక్కి ఇచ్చి, 85.50 చొప్పున 85 కోట్ల 50 లక్షలు తీసుకుంటాం.

అపోహ: డాలర్లు కొన్నారు కాబట్టి రూపాయి పడితే బ్యాంకుకి లాభం, పెరిగితే నష్టం.

కాదు. కొన్న క్షణంలోనే అమ్మేశాం కదా, పొజిషన్ అక్కడికక్కడే స్క్వేర్ అయిపోయింది. మూడు నెలల తర్వాత స్పాట్ 87 ఉన్నా 83 ఉన్నా మన రేటు 85.50 మాత్రమే. బంగారం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నట్టు, ఇక్కడ రూపాయలు తాకట్టు పెట్టి డాలర్లు అప్పు తెచ్చుకున్నాం, అంతే. కొనడం అమ్మడం అనే మాటలు వినగానే స్పెక్యులేషన్ అనుకుంటారు గానీ ఇది పక్కా ఫండింగ్.

ఒక చిన్న మినహాయింపు ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. స్వాప్ కవర్ చేసింది అసలుని మాత్రమే. ఎక్స్‌పోర్టర్ కట్టే వడ్డీ కూడా డాలర్లలోనే వస్తుంది, 5.5 శాతం అనుకుంటే 91 రోజులకి దాదాపు 1,39,000 డాలర్లు. వాటికి ఫార్వర్డ్ అమ్మకం లేదు. ఆ రోజుకి రూపాయి బలపడి 84 అయితే, 85.50 లెక్కన వేసుకున్న మార్జిన్‌లో రెండు లక్షల రూపాయలకి పైగా పోతుంది. అందుకే కొన్ని డెస్కులు స్వాప్ రెండో కాలులో, అంటే తిరిగి అమ్మే భాగంలో, అసలుతో పాటు వడ్డీ కూడా కలిపి అమ్ముతాయి.

అపోహ: 50 పైసలు ఎక్కువకి అమ్మాం కాబట్టి 50 లక్షలు లాభం.

ట్రెజరీకి కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ అనే మాట ఇది. ఆ 50 లక్షలు మనకి వచ్చే మాట నిజమే, కానీ ఈ 91 రోజులు మన 85 కోట్లు అవతలి బ్యాంకు దగ్గర ఉన్నాయని మర్చిపోతున్నారు. ఆ రూపాయలు మనకి 6.5 శాతానికి పడ్డాయనుకుంటే వాటి మీద వడ్డీ సుమారు కోటీ 37 లక్షల 75 వేలు. అందులో 50 లక్షలు తీసేస్తే మిగిలిన 87 లక్షల 75 వేలు డాలర్లకి మనం కట్టిన ఖర్చు. శాతంలోకి మారిస్తే ఇలా వస్తుంది:

```
(1 + 0.065 × 91/365) × 85.00/85.50 − 1 = 0.010263
0.010263 × 360/91 = 4.06%
```

రూపాయి వడ్డీకి 365, డాలర్ వడ్డీకి 360, ఇది గమనించండి. రెండు చోట్లా 365 వేసేస్తే డాలర్ ఖర్చు అసలు కంటే ఎక్కువ కనిపిస్తుంది, మార్జిన్ పల్చగా ఉన్న డీల్‌లో ఆ కాస్త తేడాకే ధర తప్పు కోట్ చేసేస్తాం.

ఈ 4.06 శాతమే అసలు చూడాల్సిన అంకె. అదే 91 రోజులకి వేరే బ్యాంకు దగ్గర నేరుగా డాలర్లు అప్పుగా ఎంతకి దొరుకుతాయో దాని పక్కన పెట్టి చూడాలి, ఏది చౌక అయితే అది. ప్రీమియం కొంచెం మారినా ఇది ఎంత మారుతుందో చూడండి, మిగతావన్నీ అలాగే ఉంచి ప్రీమియం 50 నుంచి 30 పైసలకి తగ్గిస్తే డాలర్ ఖర్చు దాదాపు 5 శాతానికి వెళ్లిపోతుంది. ఎక్స్‌పోర్టర్‌కి 5.5కి ఇస్తామని ముందే మాట ఇచ్చేసి ఉంటే ఒకటిన్నర శాతం దాకా ఉన్న మార్జిన్ అర శాతం అయిపోతుంది. డాలర్లకి కటకట వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది, అందరూ బై-సెల్ చేయడానికే ఎగబడతారు, ప్రీమియం నొక్కుకుపోతుంది. స్పాట్ కదలకుండా ఉండి ప్రీమియం మాత్రం పడుతోందంటే, పాలసీ రేట్లలో కూడా ఏ మార్పూ లేకపోతే, డాలర్ క్యాష్ ఎక్కడో బిగుసుకుంటోందని నేను మొదట అనుమానిస్తాను.

అపోహ: ప్రీమియం అంటే రూపాయి ఎంత పడుతుందో మార్కెట్ వేసిన అంచనా.

ప్రీమియంలో ప్రధానంగా ఉండేది రెండు కరెన్సీల వడ్డీ తేడా, దాని మీద డాలర్ డిమాండ్-సప్లై ప్రభావం. 2022 సంవత్సరాన్నే తీసుకోండి. డాలర్ 74 చిల్లర నుంచి 82 దాటింది, రూపాయికి చాలా చెడ్డ ఏడాది. ప్రీమియం అంచనానే అయితే పెరగాలి కదా, కానీ 4 శాతం పైన ఉన్న ఏడాది ప్రీమియం ఆ సంవత్సరం చివరికి 2 శాతం దగ్గరికి దిగింది. కారణం, అమెరికా ఫెడ్ తన రేటుని సున్నా దగ్గర నుంచి 4.25-4.50 దాకా లాక్కెళ్లింది, మన ఆర్‌బీఐ రెపోని 4 నుంచి 6.25 వరకే పెంచింది. వడ్డీ తేడా తగ్గింది, ప్రీమియం దానితో పాటే తగ్గింది.

అపోహ: చేతిలో రూపాయలు ఉన్నంతకాలం స్వాప్‌ని కొత్త స్వాప్‌తో పొడిగిస్తూ ఎన్నిసార్లైనా రోల్ చేసుకోవచ్చు, రిస్క్ ఏం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను.

మన కేసులోనే షిప్‌మెంట్ లేటయింది అనుకుందాం, కొనుగోలుదారు దగ్గర నుంచి డబ్బులు 91వ రోజున కాకుండా ఇంకో 19 రోజులకి వస్తాయి. కానీ స్వాప్‌లో అవతలి బ్యాంకు ఆగదు, 91వ రోజున కోటి డాలర్లు ఇవ్వాల్సిందే. కాబట్టి ఆ తేదీకి మళ్లీ కొని 19 రోజులకి అమ్మే ఇంకో బై-సెల్ చేస్తాం. ఈలోపు స్పాట్ 87 అయింది. కొత్త స్వాప్ మొదటి కాలుకి 87 కోట్లు కట్టాలి, పాత స్వాప్ రెండో కాలు నుంచి వచ్చేది 85 కోట్ల 50 లక్షలు. ఆ రోజు ఖాతాలో కోటిన్నర రూపాయలు తక్కువ పడ్డాయి.

ఇది నష్టమా అంటే పూర్తిగా కాదు. 19 రోజుల ప్రీమియం 10 పైసలు అనుకుంటే చివర్లో 87.10 చొప్పున తిరిగి వస్తుంది కాబట్టి ఆ కోటిన్నర వెనక్కి వస్తుంది, నిజంగా పోయేది దాని మీద 19 రోజుల వడ్డీ, 6.5 శాతం మీద దాదాపు 51 వేలు. లాభనష్టాల పట్టికలో కనపడనంత చిన్నది. కానీ ఆ రోజు ఉదయం కోటిన్నర క్యాష్ కావాలి, అది మాత్రం నిజం. కోటి డాలర్లకి కోటిన్నర అయితే వంద కోట్ల డాలర్ల బుక్ ఉన్న బ్యాంకుకి 150 కోట్లు. అందుకే రోల్ ఓవర్ తేదీలన్నీ ఒకే వారంలో పడకుండా చూసుకోవాలి, రూపాయి రెండు మూడు రూపాయలు పడితే ఆ వారం ఎంత క్యాష్ కావాలో ముందే లెక్క వేసి పెట్టుకోవాలి. పొజిషన్ రిపోర్టులో ఇది కనిపించదు, అక్కడ స్క్వేర్ అనే చూపిస్తుంది. చూడాల్సింది తేదీలవారీ క్యాష్ ఫ్లో.

పై లెక్కంతా అవతల డాలర్లు ఇచ్చేవాడు ఉన్నప్పటి మాట. అసలు ఇచ్చేవాడే లేకపోతే? 2008లో కొరియాకి అదే జరిగింది. అక్కడి బ్యాంకులు, విదేశీ బ్యాంకుల బ్రాంచీలు తక్కువ కాలపు డాలర్ ఫండింగ్ మీద బాగా ఆధారపడ్డాయి, సెప్టెంబర్‌లో అమెరికా బ్యాంకు లేమన్ కూలాక డాలర్లు ఉన్న బ్యాంకులు చేతులు ముడుచుకున్నాయి, వాన్ కరెన్సీ ఎంత ఉన్నా రోల్ చేసేవాళ్లు కరువయ్యారు. చివరికి అక్టోబర్ నెలాఖరున అమెరికా ఫెడ్ నుంచి 3,000 కోట్ల డాలర్ల స్వాప్ లైన్ వచ్చింది. ఆ అనుభవంతో కొరియా 2010లో బ్యాంకుల ఫారెక్స్ డెరివేటివ్స్ పొజిషన్‌కి మూలధనంతో ముడిపెట్టి పరిమితి పెట్టింది. మన దగ్గర 2020 మార్చిలో, కోవిడ్ భయంతో ప్రపంచమంతా డాలర్ల కోసం ఎగబడుతున్నప్పుడు, ఆర్‌బీఐ స్వయంగా 200 కోట్ల డాలర్లకి ఆరు నెలల సెల్-బై స్వాప్ వేలం పెట్టింది. ఆర్‌బీఐ వైపు నుంచి సెల్-బై అంటే బ్యాంకు వైపు నుంచి మన బై-సెల్లే, అంటే ప్రైవేట్ మార్కెట్లో బిగుసుకున్న పాత్రని కేంద్ర బ్యాంకు తీసుకుంది.

అపోహ: స్వాప్ అప్పు కాదు, అందుకే బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా రాయరు.

అకౌంటింగ్‌లో అప్పుగా రాయరు, డెరివేటివ్ కింద దాని మార్కెట్ విలువ మాత్రమే కనిపిస్తుంది. కానీ 91వ రోజున కోటి డాలర్లు ఇవ్వాలి, అది బాకీ కాకపోతే ఏంటి? ప్రపంచవ్యాప్తంగా సంస్థలు ఇలా స్వాప్‌లు, ఫార్వర్డ్‌ల రూపంలో ఇవ్వాల్సిన డాలర్లు 80 లక్షల కోట్ల డాలర్లకి పైనే ఉన్నాయని కేంద్ర బ్యాంకుల బ్యాంకు అయిన బీఐఎస్ 2022లో లెక్క చెప్పింది, మళ్లీ దాంట్లో చాలా భాగం తక్కువ గడువువే. ఎవరైనా తమ బ్యాంకుకి విదేశీ అప్పు తక్కువ అని చెప్తే నేను మొదట అడిగేది ఫార్వర్డ్‌లో ఎంత అమ్మి ఉన్నారని.

అపోహ: ఏ తేదీకి చేసినా ఒకటే, రోజుల లెక్కన ధర పడుతుంది.

డిసెంబర్ 31 దాటే స్వాప్‌ని, దాటని స్వాప్‌ని పక్కపక్కన కోట్ అడిగి చూడండి. పెద్ద గ్లోబల్ బ్యాంకులు ఏడాది చివరి రోజు బ్యాలెన్స్ షీట్ చిన్నగా చూపించుకోవాలని అనుకుంటాయి, ఆ రోజు డాలర్లు వదలడానికి ఎక్కువ అడుగుతాయి, కాబట్టి ఆ ఒక్క రాత్రి ధర మిగతా రోజుల సగటులో కలిసిపోయి కనపడదు, విడిగా తీసి చూస్తేనే తెలుస్తుంది. త్రైమాసికాల చివర కూడా ఇదే, కాస్త తక్కువ స్థాయిలో. ఎక్స్‌పోర్టర్ అక్టోబర్ మొదట్లో లోన్ అడిగి గడువు తేదీ మీ ఇష్టం అంటే, 91 రోజులని గుడ్డిగా తీసుకుని జనవరి మొదటి వారంలోకి వెళ్లకుండా డిసెంబర్ 30కి ముగించగలమేమో ముందు అడగండి, ఆ నాలుగైదు రోజులకి పడే తేడా కొన్నిసార్లు లోన్ మార్జిన్‌లో మంచి ముక్కే ఉంటుంది. కానీ కంటైనర్ జనవరిలో చేరేదైతే అలా చేయొద్దు, ఎందుకంటే 30వ తేదీన మళ్లీ రోల్ చేయాల్సి వస్తుంది, అప్పుడు ఆ ఖరీదైన రాత్రినే ఆఖరి నిమిషంలో కొనాలి.