ఇత్తడి రింగుని తినేసే గేర్ ఆయిల్

స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి "90 నంబర్ ఇవ్వండి" అంటే చాలు, గేర్ ఆయిల్ డబ్బా చేతికొస్తుంది. ఆ 90 ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెప్పే సంఖ్య. దాని దగ్గర్లోనే చిన్న అక్షరాల్లో ఏపీఐ జీఎల్-4 అనో, జీఎల్-5 అనో ఉంటుంది. చిక్కదనం ఒకటే అయినా ఈ రెండిటిలో కలిపే రసాయనాలు ఒకే మోతాదులో ఉండవు. ఇంజిన్ ఆయిల్‌లో కొత్త గ్రేడు వస్తే పాతదాని బదులు సాధారణంగా వాడుకోవచ్చు కాబట్టి, ఇక్కడా నాలుగు కంటే ఐదు మేలనుకొని చాలామంది మాన్యువల్ గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోయించుకుంటారు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక రెండో గేరు వేస్తుంటే గరగరమని శబ్దం మొదలవుతుంది.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ఈ జీఎల్ తరగతులు ఆయిల్‌కి వేసిన మార్కులు కావు. ఏ రకం గేర్లు, ఎంత కఠినమైన పనిలో ఉన్నప్పుడు ఆ ఆయిల్ సరిపోతుందో చెప్పే వర్గీకరణ అది. జీఎల్-1 అంటే దాదాపు ఏమీ కలపని మినరల్ ఆయిల్. 2, 3, 6 తరగతులు ఇప్పుడు వాడుకలో లేవు. మనకి మిగిలిన లెక్క నాలుగు, ఐదు. జీఎల్-5ని నిర్వచించింది ప్రధానంగా వెనక యాక్సిల్‌లో ఉండే హైపాయిడ్ గేర్ల కోసం. మెకానిక్‌లు క్రౌన్ పినియన్ అనే జత అది. అందులో చిన్నదైన పినియన్ గేరు పెద్దదైన క్రౌన్ వీల్ మధ్యరేఖ కంటే కిందికి జరిగి ఉంటుంది. అందువల్ల కారు నేలని కిందికి దించే వీలు వచ్చింది. 1920ల్లో ప్యాకార్డ్ కార్లతో ఈ ఏర్పాటు రోడ్డెక్కింది. కానీ దానికి ఒక మూల్యం ఉంది. మామూలు గేర్లలో పళ్లు ఒకదాని మీద ఒకటి చాలావరకు దొర్లుతాయి. హైపాయిడ్‌లో అవి పంటి పొడవునా రాసుకుంటూ జారతాయి. పెద్ద బరువు మీద ఉన్నప్పుడు ఆ ఒత్తిడికి మధ్యలో ఆయిల్ పొర నిలవదు. ఉక్కుకి ఉక్కు నేరుగా తగిలి, ఆ వేడికి అతుక్కుని చిరిగిపోతుంది.

దీనికి విరుగుడుగా ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న సమ్మేళనాలు కలుపుతారు. గంధకం వైపు ఎక్కువగా వాడేది సల్ఫరైజ్డ్ ఐసోబ్యూటిలీన్. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు దీనిదే. రెండు పళ్ల మధ్య సూక్ష్మమైన మిట్టలు తగిలినచోట క్షణకాలం విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడికి సమ్మేళనం విడిపోయి గంధకం ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. ఉక్కు కంటే ఈ పొర మెత్తన. రాపిడికి ముందు అది తెగుతుంది, పన్ను నిలుస్తుంది. తెగినచోట మళ్లీ కొత్త పొర పుడుతుంది. జీఎల్-4 ఆయిల్‌లో కూడా ఇదే రసాయనం ఉంటుంది. మోతాదు మాత్రం జీఎల్-5లో ఉన్నదానిలో సుమారు సగం అని చెప్పుకోవడం వాడుక.

చిక్కు ఎక్కడంటే, గంధకానికి రాగి అంటే ఇనుము కంటే మక్కువ ఎక్కువ. ఇనుముతో కలవాలంటే మిట్టల మీద పుట్టే ఆ విపరీతమైన వేడి కావాలి. రాగితో కలవడానికి గేర్‌బాక్స్‌లో మామూలుగా ఉండే 80, 100 డిగ్రీల వేడి చాలు. అయితే గంధకమంతా ఒకలాంటిది కాదు. అణువులో మూడు, నాలుగు గంధక పరమాణువులు గొలుసుగా ఉంటే వాటి బంధం వదులు, సులభంగా రాలి రాగి మీదికి పోతుంది. దాన్నే యాక్టివ్ సల్ఫర్ అంటారు. ఒకటి రెండు పరమాణువులే ఉంటే గట్టిగా పట్టుకొని ఉంటుంది, రాగి జోలికి అంతగా పోదు. కాబట్టి రెండు జీఎల్-5 ఆయిల్స్‌లో గంధకం శాతం సమానంగా ఉన్నా, ఒకటి ఇత్తడిని నల్లగా చేయొచ్చు, మరొకటి పెద్దగా ముట్టుకోకపోవచ్చు.

గేర్‌బాక్స్‌లో ఇత్తడి ఎందుకుందో చూద్దాం. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో బండిని ముందుకి నడిపే గేర్లన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం లివర్ లాగినప్పుడు స్లీవ్ అనే గొట్టంలాంటి భాగం జరిగి ఒక గేరుని షాఫ్టుకి బిగిస్తుంది. బిగించే ముందు రెండిటి వేగం సమానం కావాలి. ఆ పని చేసేది సింక్రో రింగ్. వేలెడు వెడల్పు కూడా లేని రింగు అది. చాలా బండ్లలో మాంగనీసు లాంటివి కలిపిన ఇత్తడితో చేస్తారు, అందులో సగానికి పైగా రాగే. లోపలి వైపు కొద్దిగా ఏటవాలుగా శంకువులా ఉండి, దారంలాంటి సన్నటి గాళ్లు వరుసగా ఉంటాయి. గేరు మీదున్న ఉక్కు శంకువు మీదికి రింగు నొక్కుకోగానే ఆ గాళ్ల అంచులు ఆయిల్ పొరని చీల్చి పక్కకి నెట్టేస్తాయి. ఇత్తడి ఉక్కుని పట్టుకుంటుంది, వేగాలు కలుస్తాయి. అప్పటిదాకా రింగు బయటి పళ్లు స్లీవ్‌ని లోపలికి రానివ్వవు.

ఆ గాళ్ల అంచుల మీద ఇప్పుడు యాక్టివ్ సల్ఫర్ పనిచేసిందనుకోండి. కాపర్ సల్ఫైడ్ పొర పుడుతుంది, అది పెళుసు. గేరు వేసిన ప్రతిసారీ రింగు శంకువు మీద రాసుకుంటుంది కాబట్టి పొర రాలిపోతుంది, కింద కొత్త ఇత్తడి బయటపడుతుంది, దాని మీద మళ్లీ పొర. ఉక్కు పళ్ల మీద గేరుని కాపాడిన చర్యే ఇక్కడ రింగుని కొంచెం కొంచెంగా తీసేస్తుంది.

ఎంత పోతే నష్టం? లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రింగుని గేరు శంకువు మీద చేత్తో నొక్కిపట్టి, రింగు పళ్లకీ గేరు పళ్లకీ మధ్య సందుని సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. కొత్త రింగుకి సుమారు ఒక మిల్లీమీటరు ఉండి, అర మిల్లీమీటరుకి తగ్గితే మార్చాలనేది చాలా కార్ల మాన్యువల్స్‌లో కనిపించే కొలత. అంటే రింగు అర మిల్లీమీటరు లోపలికి జరిగితే ఆయుష్షు అయిపోయినట్టే. శంకువు వాలు ఆరున్నర డిగ్రీలు అనుకుందాం. అంత తక్కువ వాలులో ఇత్తడి కొద్దిగా అరిగినా రింగు దానికి దాదాపు తొమ్మిది రెట్లు ముందుకి జరుగుతుంది. తిప్పి చెబితే, అర మిల్లీమీటరు జరగడానికి అరగాల్సిన ఇత్తడి మిల్లీమీటరులో 6 వందల వంతులే. మన తల వెంట్రుక మందం ఇంచుమించు అంతే. బండిలో వేరే చాలా భాగాలు అంత అరుగుదలని ఏళ్ల తరబడి ఓర్చుకుంటాయేమో గానీ, సింక్రో రింగు ఓర్చుకోలేదు.

లోహం పోకముందే ఇంకో ఇబ్బంది మొదలవుతుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సింక్రో పనిచేయాలంటే ఇత్తడికీ ఉక్కుకీ మధ్య తగినంత ఘర్షణ కావాలి. గంధకం, భాస్వరం సమ్మేళనాలు రెండు ఉపరితలాలకీ అంటుకొని ఆ ఘర్షణని తగ్గిస్తాయి. ఘర్షణ గుణకం 0.10 నుంచి 0.07కి పడితే రింగు పట్టు 30 శాతం తగ్గినట్టు. వేగాలు కలిసేలోపే స్లీవ్ దూసుకొస్తుంది, పళ్లు కొట్టుకుంటాయి. అందుకే ఒక్కోసారి జీఎల్-5 పోసిన వారంలోపే గేర్లు గరగరమంటాయి. రింగు అరగడానికి వారం చాలదు, జారడానికి చాలు.

రాగిని ఆయిల్ ఎంత తింటుందో చూడటానికి ల్యాబుల్లో ఒక పరీక్ష ఉంది, ఏఎస్‌టీఎం డీ130. రాగి పట్టీని గరుకు కాగితంతో అద్దంలా తోమి, 30 మిల్లీలీటర్ల ఆయిల్‌లో ముంచుతారు. గేర్ ఆయిల్స్‌కి 121 డిగ్రీల వేడిలో మూడు గంటలు ఉంచడం మామూలు. తీసి కడిగి, రంగుల పట్టికతో పోల్చి చూస్తారు. నారింజ రంగులో తోమినప్పటిలాగే ఉంటే 1. ఎరుపు, ఊదా, వెండి చాయలు వస్తే 2. నెమలి పింఛంలా ఎరుపు, ఆకుపచ్చ కలగలిస్తే 3. బొగ్గులా నల్లబడితే 4. జీఎల్-5 స్థాయి అమెరికా సైనిక ప్రమాణం 3 దాకా ఒప్పుకుంది. యాక్సిల్‌లో ఇత్తడి రింగులేమీ ఉండవు కాబట్టి వాళ్ల అవసరానికి అది సరిపోయింది. మన గేర్‌బాక్స్‌కి మాత్రం 3 వచ్చిన ఆయిల్ కంటే 1 వచ్చినదే కావాలి. కొన్ని కంపెనీలు ఈ అంకెని డేటా షీట్‌లో ఇస్తాయి. డబ్బా మీద జీఎల్ సంఖ్య కంటే నేను ముందు ఈ అంకె కోసం వెతుకుతాను. మూడు గంటల పరీక్ష ఏళ్ల వాడకానికి ప్రమాణం కాదు నిజమే, కానీ నల్లబడ్డ పట్టీ మాత్రం అబద్ధం చెప్పదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇంజిన్ వెనక చక్రాల్ని తిప్పే జీపుల్లో, సరుకు బండ్లలో. వీటిలో గేర్‌బాక్స్ ముందు, హైపాయిడ్ యాక్సిల్ వెనక, రెండూ వేరు. చాలావాటి మాన్యువల్‌లో గేర్‌బాక్స్‌కి జీఎల్-4, యాక్సిల్‌కి జీఎల్-5 అని రాసి ఉంటుంది. షెడ్డులో మాత్రం ఒకే డ్రమ్ములోంచి రెండిటికీ పోసేస్తారు. జీఎల్-5 డ్రమ్ము అయితే యాక్సిల్ బాగుంటుంది, సింక్రోలు పోతాయి. జీఎల్-4 డ్రమ్ము అయితే సింక్రోలు బాగుంటాయి, బరువెక్కువైనప్పుడు క్రౌన్ పినియన్ గీతలు పడుతుంది. ఇంజిన్ ముందు చక్రాల్ని తిప్పే మామూలు చిన్న కార్లలో ఈ తలనొప్పి లేదు, ఇంజిన్ అడ్డంగా ఉండటంతో ఫైనల్ డ్రైవ్‌కి కూడా హైపాయిడ్ బదులు హెలికల్ గేర్లే వాడతారు. వాటికి జీఎల్-5 అవసరమే రాదు.

అలాగని జీఎల్-5 అంటే ప్రతి ఇత్తడికీ విషం అనలేం. సుబారు కార్లలో మాన్యువల్ గేర్‌బాక్స్, ముందు హైపాయిడ్ డిఫరెన్షియల్ ఒకే కేసింగులో ఒకే ఆయిల్‌తో నడుస్తాయి. ఎన్నో మోడళ్లకి కంపెనీయే జీఎల్-5 చెప్పింది. రాగి మీద ముందే కూర్చుని గంధకాన్ని అడ్డుకునే ట్రైయజోల్, థయాడయాజోల్ లాంటి సమ్మేళనాలు కలిపితే తుప్పు చాలావరకు ఆగుతుంది. కానీ ఆ సమ్మేళనాలు ఉన్నాయో లేదో జీఎల్-5 అనే మాట చెప్పదు. జీఎల్-4 సంగతీ అంతంతమాత్రమే. ఆ తరగతికి మొదట పెట్టిన పరీక్షల పరికరాల్లో కొన్ని ఇప్పుడు దొరకడం లేదు, అందుకని డబ్బా మీద జీఎల్-4 అని రాసినా తయారీదారు మాట నమ్మాల్సిందే. బండి మాన్యువల్‌లో కంపెనీ సొంత స్పెసిఫికేషన్ నంబర్ ఉంటే అదే నమ్మదగినది.

గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ ఉందో తెలియక సందేహంగా ఉంటే, దించిన ఆయిల్‌ని తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో వాల్చి చూడండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి అంటిన బూడిద రంగు ముద్ద ఉక్కుది, కొద్దిగా ఉండటం సహజం. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, ఆయిల్‌లో బంగారు రంగు పొడిలా తళుక్కుమంటుంది. ల్యాబుకి పంపితే రాగి ఎంతుందో అంకె వస్తుంది. ఆయిల్‌ని పూర్తిగా దించి సరైన జీఎల్-4 పోశాక, కొన్ని వందల కిలోమీటర్లలో గరగర తగ్గిందంటే జారుడే కారణం, రింగులు ఇంకా బాగున్నాయి. తగ్గలేదంటే ఇత్తడి అప్పటికే పోయింది. అప్పుడు గేర్‌బాక్స్ దించి, సందు కొలిచి, రింగులు మార్చడమే మిగిలిన పని. ఆ రింగుల్ని తీసినప్పుడు గాళ్ల అడుగున నల్లటి పొర కనబడితే, అంతకుముందు పోసిన డబ్బా ఏదో కనుక్కోండి.