గ్రూప్ ప్రాజెక్టు ట్రాకర్ మెసేజ్: అపోహలు, వాస్తవాలు

రివ్యూ రోజు ప్రాజెక్టు ల్యాబ్‌లో ప్రతి ఏడాదీ ఏదో ఒక బ్యాచ్ నోట వచ్చే మాట ఇది: "సార్, ఎవరి మాడ్యూల్ వాళ్లది అయిపోయింది సార్. కలిపితేనే రన్ అవ్వట్లేదు." వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. నలుగురూ పని చేశారు, నిద్ర మానుకుని మరీ చేశారు. అయినా ప్యానెల్ ముందు తెర మీద ఎర్రర్ తప్ప ఏమీ కనపడదు. ఇంత కష్టం వృథా కావడానికి కారణం చాలాసార్లు కోడింగ్ రాకపోవడం కాదు, మొదటి రోజు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌లో ఒక లైన్ లేకపోవడం.

అపోహ: మాడ్యూల్స్ పంచుకున్నామంటే పని పంచుకున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను. ఒక ఉదాహరణ తీసుకుందాం, పేర్లు ఉదాహరణకే. మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టు, నలుగురి బ్యాచ్. కాలేజీ క్యాంటీన్‌లో ముందే ఆర్డర్ పెట్టుకునే వెబ్‌సైట్, PHP, MySQL, అందరి ల్యాప్‌టాప్‌లలోనూ XAMPP. గ్రూపులో మెసేజ్ ఇలా పడింది: "లాగిన్ సాయి, మెనూ ఆర్డర్స్ నవీన్, అడ్మిన్ ఫాతిమా, డేటాబేస్ హారిక. డాక్యుమెంటేషన్ అందరం కలిసి చేద్దాం. 21న రివ్యూ, అప్పటికి అయిపోవాలి." నలుగురూ బొటనవేలు ఎమోజీ పెట్టారు.

ఇందులో పేర్లున్నాయి, తేదీ ఉంది. మరి లోపం ఎక్కడ? ఈ నాలుగు ముక్కలనూ కలిపే పని ఎవరిదో, ఏ రోజుదో ఎక్కడా లేదు. హారిక టేబుల్ ఇచ్చేదాకా ఆగలేక నవీన్ తన ల్యాప్‌టాప్‌లో తనే ఒక టేబుల్ చేసుకుంటాడు. అందులో కాలమ్ పేరు `menu_id`. హారిక చేసిన టేబుల్‌లో అదే కాలమ్ `item_id`. ఫాతిమా ఆర్డర్ స్టేటస్‌ను 'new', 'done' అని పెట్టుకుంది, నవీన్ 'placed', 'ready' అని రాశాడు. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లది చక్కగా నడుస్తుంది, ఎందుకంటే ఎవరి డేటాబేస్ వాళ్లదే. 20వ తేదీ రాత్రి అన్ని ఫోల్డర్లూ ఒక పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఒకే `htdocs`లో వేయగానే మొదటి ఎర్రర్ వస్తుంది:

```
Unknown column 'menu_id' in 'field list'
```

ఇది సరిచేయడం పెద్ద పనేం కాదు. చిక్కంతా ఏమిటంటే, అలాంటి ఎర్రర్ దగ్గర ఆ పేజీ అక్కడే ఆగిపోతుంది, దాని వెనక ఇంకెన్ని ఉన్నాయో కనపడదు. ఒకటి సరిచేస్తేనే రెండోది బయటపడుతుంది. స్టేటస్ తేడా లాంటివైతే అసలు ఎర్రరే ఇవ్వవు; ఆర్డర్ పెడితే క్యాంటీన్ వాళ్ల పేజీలో కనపడదు, అంతే. అందుకే కలపడానికి ఎంత టైమ్ పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. టైమ్ చెప్పలేని పనిని చివరి రాత్రికి వదిలేస్తున్నారన్న మాట.

వాస్తవం: కలపడం కూడా ఒక పనే. దానికీ ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ నుంచే మిగతా తేదీలన్నీ వెనక్కి లెక్కపెట్టాలి.

అదే ప్రాజెక్టుకి నవంబర్ 5న పెట్టాల్సిన ట్రాకర్, అంటే ఏ పని ఎవరిదో ఏ రోజుకో చూపే మెసేజ్, ఇలా ఉంటుంది. 10 నుంచి 12 దాకా మిడ్ పరీక్షలున్నాయి అనుకుందాం.

```
*క్యాంటీన్ ఆర్డర్ - రివ్యూ 21 శుక్ర*
(05/11 రాత్రి కాపీ) 10-12 మిడ్స్, పని లేదు
1. schema.sql, 3 టేబుళ్లు - హారిక - 6 గురు
2. సైన్అప్, లాగిన్ పేజీలు - సాయి - 14 శుక్ర (1 తర్వాత)
3. మెనూ, ఆర్డర్ పేజీలు - నవీన్ - 15 శని (1 తర్వాత)
4. క్యాంటీన్ స్టేటస్ పేజీ - ఫాతిమా - 15 శని (1 తర్వాత)
5. అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో రన్ - హారిక - 17 సోమ (2,3,4 తర్వాత)
6. 10 టెస్ట్ కేసులు, స్క్రీన్‌షాట్లు - సాయి - 18 మంగళ (5 తర్వాత)
7. రిపోర్ట్ వర్డ్ ఫైల్ - ఫాతిమా - 19 బుధ (6 తర్వాత)
8. PPT 12 స్లైడ్లు - నవీన్ - 19 బుధ (6 తర్వాత)
9. ప్రింట్, గైడ్ సంతకం - సాయి - 20 గురు (7 తర్వాత)
```

దీన్ని పై నుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి రాయాలి. 21న రివ్యూ అంటే సంతకం 20కి కావాలి. సంతకానికి రిపోర్ట్ కావాలి, రిపోర్ట్‌కి స్క్రీన్‌షాట్లు కావాలి, స్క్రీన్‌షాట్లకి నడిచే ప్రాజెక్టు కావాలి. అలా వెనక్కి వస్తే కలిపే పని 17కే అయిపోవాలని తేలుతుంది. అంటే కోడ్ రాసేవాళ్ల అసలు గడువు 21 కాదు, 15. ఈ ఆరు రోజుల తేడా మొదటి రోజే తెలిసిన బ్యాచ్‌కీ, 20వ తేదీ రాత్రి తెలిసిన బ్యాచ్‌కీ మార్కుల్లో తేడా స్పష్టంగా కనపడుతుంది.

మొదటి లైన్ చూడండి. "డేటాబేస్ - హారిక" అనలేదు, `schema.sql` అన్నాం. డేటాబేస్ అనేది ఎప్పుడు అయిపోయినట్టో ఎవరికీ తెలియదు. ఫైల్ అయితే డ్రైవ్ ఫోల్డర్‌లో ఉంటుంది, లేదా ఉండదు. ప్రతి లైన్‌లోనూ అవతలివాళ్లు తెరిచి చూడగలిగే వస్తువు పేరే రాయండి. ఆ ఫైల్ మర్నాటికల్లా రావాలి కాబట్టి అందులో అన్నీ పర్ఫెక్ట్‌గా ఉండక్కర్లేదు. టేబుళ్ల పేర్లు, కాలమ్ పేర్లు, స్టేటస్ కాలమ్‌లో ఏ విలువలు రావాలన్నది, టేబుల్‌కి నాలుగైదు డమ్మీ వరుసలు ఉంటే చాలు. మిగతా ముగ్గురూ ఆ ఫైల్‌ని phpMyAdminలో ఇంపోర్ట్ చేసుకుని దాని మీదే రాయాలి. తర్వాత కాలమ్ మార్చాల్సి వస్తే హారికే మార్చి కొత్త ఫైల్ పెట్టాలి. ఎవరి దగ్గర వాళ్లు మార్చుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. కలిపే పని కూడా ఆమెకే ఎందుకిచ్చామంటే, ఏ కాలమ్ ఏమిటో చూడగానే చెప్పగలిగేది ఆమే.

అపోహ: ఇద్దరి పేర్లు రాస్తే పని తొందరగా అవుతుంది.

ఇద్దరి పేర్లున్న లైన్ చివరిదాకా అలాగే ఉండిపోతుంది. "వాడు మొదలుపెట్టాడేమో" అని ఒకరు, "తను పిలుస్తుందేమో" అని ఇంకొకరు ఎదురుచూస్తారు. "అందరం కలిసి" అన్న లైన్ అయితే ఇంకా ఘోరం. ఎంతమంది సాయం చేసినా సరే, లైన్‌లో పేరు ఒక్కటే ఉండాలి. ఆ పేరు గలవాళ్లే అంతా చేయాలని కాదు, అది కాకపోతే ముందుగా చెప్పాల్సింది వాళ్లని అర్థం.

అపోహ: డాక్యుమెంటేషన్, PPT అమ్మాయిలకిచ్చేస్తే సరిపోతుంది.

ఇది ఇంకా నడుస్తూనే ఉంది, చూస్తే బాధేస్తుంది. వైవాలో ప్రశ్నలు ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు. రిపోర్ట్ మాత్రమే రాసిన అమ్మాయిని "ఈ క్వెరీ ఏం చేస్తుందమ్మా" అంటే ఏం చెప్తుంది? పై మెసేజ్‌లో ప్రతి ఒక్కరికీ కోడ్ ముక్క ఒకటైనా ఉంది, రాతపనో తిరుగుడు పనో కలిపే పనో కూడా ఉంది. లైన్ల లెక్క సమానంగా ఉండాల్సిన పని లేదు. తను చేసిన దాని గురించి ప్రతివాళ్లూ ఐదు నిమిషాలు మాట్లాడగలగాలి.

అపోహ: మెసేజ్ ఒకసారి పెడితే చాలు, తర్వాత ఎడిట్ చేసుకోవచ్చు.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల వరకే ఎడిట్ చేయగలరు. కాబట్టి ట్రాకర్ మార్చాలంటే పాతది కాపీ చేసి, మార్చి, కొత్తగా పంపాలి. ఆ పని ఒక్కరే చేయాలి. ఎవరి లైన్ వాళ్లు మార్చి పంపుతుంటే, ఇద్దరు ఒకేసారి పాత కాపీ తీసుకున్నప్పుడు ఒకరి మార్పు రెండోవాళ్ల మెసేజ్‌లో ఉండదు. అప్పుడు ఏది అసలు ట్రాకరో ఎవరికీ తెలియదు. మిగతావాళ్లు "3 ఇచ్చేశా" అని రెండు ముక్కల్లో చెప్తే చాలు. ట్రాకర్ బాధ్యత తీసుకున్నవాళ్లు రాత్రికి ఒకసారి కొత్త కాపీ పంపి, పైన తేదీ వేసి, దాన్ని పిన్ చేసి, పాత పిన్ తీసేయాలి. పిన్ చేసేటప్పుడు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని అడుగుతుంది, 30 ఎంచుకోండి. గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ముందు ఆఫ్ చేయండి.

తేదీ మారితే పాతది చెరిపేయకండి. `~15 శని~ 16 ఆది` అని రాస్తే పాత తేదీ మీద గీత పడుతుంది, మారిందన్న సంగతీ కనపడుతుంది. ఆ వెంటనే బ్రాకెట్లో ఆ నంబర్ ఉన్న లైన్లు వెతకండి. 3 ఒక రోజు ఆలస్యమైతే 5 దగ్గర ఒక రోజు తగ్గింది, అది హారికకి ఆ పూటే తెలియాలి.

ట్రెల్లో, ఎక్సెల్ షీట్ లాంటివి వాడొచ్చా అని అడుగుతుంటారు. వాడండి. కానీ నలుగురు చేసే తొమ్మిది లైన్ల పనికి ఇంకో యాప్ పెడితే వారం తిరక్కుండానే ఎవరూ తెరవరు.

అపోహ: "80 శాతం అయింది" అంటే దాదాపు అయిపోయినట్టే.

శాతాలు రాయనివ్వకండి. కాలేదు, నడుస్తోంది, ఇచ్చేశా: ఈ మూడే. ఇచ్చేశా అంటే ఫైల్ ఫోల్డర్‌లో ఉంది, దాని కోసం చూస్తున్నవాళ్లు తమ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశారు. "నా దగ్గర నడుస్తోంది" అంటే అది ఇంకా రెండో మాట కిందే లెక్క.

అపోహ: తేదీ అడిగితే ఫ్రెండ్‌షిప్ చెడుతుంది.

ఈ భయం నిజమైనదే. హాస్టల్లో ఒకే రూములో ఉండేవాణ్ని నిలదీయడం ఎవరికైనా కష్టమే. అందుకే తేదీ మీరు వేయకండి, వాళ్లనే చెప్పనివ్వండి. "3 నీదేరా, 15 దాటితే కలపడానికి కుదరదు. ఆ లోపు నీకు ఏ రోజు వీలవుతుంది?" అని అడిగితే, వాళ్లు చెప్పిన తేదీనే ట్రాకర్‌లోకి ఎక్కుతుంది. గడువుకి రెండు రోజుల ముందు అడగాల్సింది కూడా "అయిందా" అని కాదు, "ఎక్కడ ఆగింది" అని. అయిందా అంటే "ఆ, అవుతోంది" అన్న జవాబే వస్తుంది. ఎక్కడ ఆగిందంటే "ఇంపోర్ట్ అవ్వట్లేదు" అన్న అసలు సంగతి బయటికొస్తుంది.

అయినా ఒకరు అసలు పలకకపోతే? వాళ్ల తేదీ దాటిన మర్నాడే ఆ లైన్‌ని ఇంకొకరి పేరు మీదికి మార్చి, పలకనివాళ్లకి రిపోర్ట్‌లో ఒక చాప్టర్ లాంటి చిన్న పని ఇవ్వండి, గ్రూపులోనే చెప్పి మార్చండి. తర్వాత గైడ్ దగ్గరికి వెళ్లి పిన్ చేసిన మెసేజ్ చూపించండి. 17న వచ్చి "సార్, మూడో పని ఆగింది, ఇలా మార్చుకున్నాం" అంటే గైడ్ ఆ అబ్బాయిని పిలిచి మాట్లాడగలరు, అవసరమైతే ఆ మాడ్యూల్‌ని తగ్గించమనగలరు. రివ్యూ రోజు ప్యానెల్ ముందు "వాడు చేయలేదు సార్" అంటే గైడ్ చేయగలిగింది ఏమీ ఉండదు.