సగ్గుబియ్యం కిచిడీకి నీళ్ల లెక్క

ఏకాదశికో శివరాత్రికో చేసిన సగ్గుబియ్యం కిచిడీ ముద్దయిపోయిందంటే, తప్పు చాలాసార్లు పొయ్యి దగ్గర కాదు, నానబెట్టిన గిన్నెలోనే జరిగి ఉంటుంది.

కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండిని పూసలుగా చేసి, వేడి పెనం మీద కాస్త వేయించి ఎండబెడితే సగ్గుబియ్యం అవుతుంది. అందుకే పూస పైపొర కొంత ఉడికి ఉంటుంది, లోపల పచ్చిపిండే. చల్లటి నీళ్లలో ఆ పిండి మెత్తబడుతుంది గానీ ఉడకదు. సుమారు 60-70 డిగ్రీల వేడి తగిలాకే ఉబ్బి, జిగురెక్కి, అద్దంలా మారుతుంది. కిచిడీ చేసేటప్పుడు బాణలిలో నీళ్లు పోయం కాబట్టి పూస తన లోపలి తడితోనే ఉడకాలి. ఆ తడి చాలకపోతే మధ్యలో పలుకు మిగులుతుంది. ఎక్కువైతే పూసల మధ్య నిలిచిన నీరు పిండిని కలుపుకొని, వేడికి జిగురై అన్నిటినీ అతికించేస్తుంది.

ఒక పూట భోజనంగా తినాలంటే మనిషికి 75 గ్రాములు, అంటే సుమారు అర కప్పు పొడి సగ్గుబియ్యం చాలు. నానితే దాదాపు రెట్టింపవుతుంది. పల్లీలు, బంగాళాదుంప కూడా పడతాయి కాబట్టి ఇంతకు మించితే మిగిలిపోతుంది. ఫలహారానికైతే 50 గ్రాములు.

నలుగురికి లెక్క చూద్దాం. 300 గ్రాములు, అంటే రెండు కప్పులు తీసుకుని, పైనున్న పిండి పోయేలా రెండుమూడు సార్లు కడగండి. గట్టిగా పిసకకూడదు. జల్లెడలో పూర్తిగా వడగట్టి, వెడల్పాటి గిన్నెలో వేసి, ఒకటిన్నర కప్పుల (360 మి.లీ.) నీళ్లు పోయండి. కప్పుకు ముప్పావు కప్పన్నమాట. మూతపెట్టి 5-6 గంటలు ఉంచి, మధ్యలో ఒకసారి కిందిది పైకి వచ్చేలా కలపండి, లేకపోతే అడుగువి ముద్దై పైవి గట్టిగా ఉంటాయి. లావు పూసలు రాత్రంతా నానాలి, కప్పుకు కప్పు నీళ్ల దాకా అడగవచ్చు. నైలాన్ సగ్గుబియ్యం మాత్రం ఈ లెక్కకు లొంగదు, కిచిడీకి తీసుకోకండి.

నానిందో లేదో వేళ్లే చెప్పాలి. ఒక పూసను నొక్కితే పూర్తిగా చిదమాలి, మధ్యలో గట్టి చుక్క తగలకూడదు. తగిలితే రెండు చెంచాల నీళ్లు చిలకరించి అరగంట ఆగండి. ఒకేసారి ఎక్కువ పోయకండి, పోసింది వెనక్కి తీయలేం. ఇప్పటికే తడి ఎక్కువైతే నూలుగుడ్డ మీద అరగంట ఆరబెట్టండి. పొయ్యి మీద వేసేముందు కప్పు సగ్గుబియ్యానికి పావు నుంచి అర కప్పు వేయించిన పల్లీల పొడి కలిపితే, అది మిగిలిన తడిని పీల్చి పూసలను విడదీస్తుంది. సగ్గుబియ్యంలో దాదాపు లేని ప్రోటీనూ దాంతోనే అందుతుంది. మధ్యస్థ మంటపై నాలుగైదు నిమిషాలు వేయించి, తెల్లదనం పోగానే దించేయాలి.

పాయసానికి ఇంత పట్టింపు అక్కర్లేదు. మనిషికి 25 గ్రాములు, అరగంట నానితే చాలు, మిగతా నీరు ఉడికేటప్పుడు దొరుకుతుంది.